ఏఎన్‌ఏ పాజిటివ్, స్పెకిల్డ్ అని వచ్చాక ప్రొఫైల్ ఎందుకు చేయించాలి?

ప్రశ్న: మా చెల్లికి 28 ఏళ్లు. చల్లనీళ్లు తగిలితే వేళ్లు తెల్లబడతాయి, పొద్దున లేవగానే చేతులు బిగుసుకుపోయి ఉంటాయి. ఏఎన్‌ఏ టెస్టు చేయిస్తే పాజిటివ్, 1:320, స్పెకిల్డ్ అని వచ్చింది. ఇప్పుడు డాక్టరు గారు ఏఎన్‌ఏ ప్రొఫైల్ అని ఇంకొకటి రాశారు, వేలల్లో ఖర్చు. పాజిటివ్ అని తేలిపోయాక మళ్లీ అదెందుకు? స్పెకిల్డ్ అంటే లూపసేనా? ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం.

సమాధానం:

స్పెకిల్డ్ అంటే లూపస్ అని అర్థం కాదండీ. లూపస్‌లో రావచ్చు, కళ్లు, నోరు ఎండిపోయే షోగ్రెన్‌లో రావచ్చు, ఇలాంటి రెండు మూడు జబ్బుల లక్షణాలు కలిసి ఉండే మిక్స్‌డ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్‌లో రావచ్చు. ఏ జబ్బూ లేని మనిషిలో కూడా రావచ్చు. వీటిలో మీ చెల్లిది ఏదో తేల్చడానికే డాక్టరు గారు ప్రొఫైల్ రాశారు. మీరు చెప్పిన లక్షణాలు ఉన్నప్పుడు అది అనవసరపు ఖర్చు కాదు, చేయించండి. నేను పాథాలజిస్టుని. ఇరవై ఏళ్లకు పైగా ఈ స్లైడ్లు చూస్తున్నాను. ఆ స్పెకిల్డ్ అన్న మాట మైక్రోస్కోపు కింద ఎలా పుడుతుందో తెలిస్తే, ప్రొఫైల్ ఎందుకో మీకే అర్థమవుతుంది.

ఈ టెస్టుకు వాడే స్లైడు మీద హెప్-2 అనే మనిషి కణాలు ఒక పొరలా అంటించి ఉంటాయి. ల్యాబ్‌లో పెంచే క్యాన్సర్ కణాలవి. న్యూక్లియస్ పెద్దగా ఉంటుంది కాబట్టి లోపల ఏం మెరుస్తోందో బాగా కనబడుతుంది. మీ చెల్లి రక్తం నుంచి తీసిన సీరాన్ని పలచన చేసి ఆ కణాల మీద ఒక చుక్క వేస్తాం. సాధారణంగా 1:80తో గానీ 1:100తో గానీ మొదలుపెడతాం. అరగంట ఆగి కడిగేస్తాం. సీరంలో న్యూక్లియస్‌లోని ఏదైనా పదార్థానికి అతుక్కునే యాంటీబాడీ ఉంటే అది కడిగినా పోదు, దాన్నే ఏఎన్‌ఏ అంటారు. దాని మీద పచ్చగా మెరిసే రంగు తగిలించిన రెండో యాంటీబాడీ వేసి, మళ్లీ కడిగి, చీకటి గదిలో ఫ్లోరోసెంట్ మైక్రోస్కోపు కింద చూస్తాం. ఎక్కడ అతుక్కుందో అక్కడ లేత పచ్చ రంగులో వెలుగుతుంది.

1:320 అంటే ఒక వంతు సీరాన్ని మొత్తం 320 వంతులయ్యేలా పలచన చేసినా ఆ వెలుగు ఇంకా కనబడిందని. ఇది తీసిపారేసే అంకె కాదు. అలాగని దానితోనే జబ్బు ఉన్నట్టూ కాదు. 1997లో చాలా దేశాల ల్యాబ్‌లు కలిసి చేసిన ఒక పరిశీలనలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే 1:80 దగ్గర నూటికి 13 మందికి, 1:320 దగ్గర నూటికి ముగ్గురికి ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చింది. అందుకే మాకు అంకె కంటే, ఏ ఆకారంలో వెలిగింది, మనిషికి ఏం ఇబ్బంది ఉంది అన్నవే ముఖ్యం.

స్లైడు పెట్టగానే నా కన్ను ముందుగా విభజన జరుగుతున్న కణం కోసం వెతుకుతుంది. మామూలు కణంలో న్యూక్లియస్ గుండ్రంగా ఉండి, అన్నీ లోపల కలిసిపోయి ఉంటాయి. విభజన సమయంలో మాత్రం క్రోమోజోములన్నీ ముడుచుకుని కణం మధ్యలో ఒక పట్టీలా వరుస కడతాయి. ఆ పట్టీ వెలిగితే యాంటీబాడీ క్రోమోజోముల మీద ఉన్న పదార్థానికి అతుక్కుందన్నమాట. పట్టీ నల్లగా మిగిలిపోయి చుట్టూ ఉన్న భాగం మాత్రమే చుక్కచుక్కలుగా వెలిగితే, యాంటీబాడీ పట్టుకున్నది క్రోమోజోమును కాదు, న్యూక్లియస్‌లో తిరిగే వేరే పదార్థాన్ని.

హోమోజీనియస్ అని రాసే నమూనాలో న్యూక్లియస్ మొత్తం ఒకే తీరుగా వెలుగుతుంది, పట్టీ కూడా వెలుగుతుంది. డీఎన్‌ఏ, అది చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్లు, రెండూ కలిసిన న్యూక్లియోసోముల మీద యాంటీబాడీలు ఉంటే ఇలా కనబడుతుంది. లూపస్ గుర్తుకు రావాల్సిన నమూనా నిజానికి ఇదే. స్పెకిల్డ్‌లో మామూలు కణాల న్యూక్లియస్ నిండా చుక్కలు, విభజన కణంలో పట్టీ నలుపు. మీ చెల్లి స్లైడులో ల్యాబ్ వాళ్లు చూసింది ఇదే అయి ఉండాలి.

అయితే ఆ చుక్కలు ముతకవా, సన్నవా అన్నది మీ రిపోర్టులో లేదు. చాలా రిపోర్టుల్లో ఉండదు. నాకు అది పెద్ద లోటనిపిస్తుంది, ఎందుకంటే రెండింటి దారులు వేరు.

ముతక చుక్కలు ముందు చెబుతాను, మీ చెల్లి లక్షణాలకు దగ్గరగా ఉన్నది అదే కాబట్టి. మన కణాల్లో జన్యువు నుంచి వచ్చిన కాపీని కత్తిరించి అతికించే చిన్న యంత్రాలు ఉంటాయి. ఒక్కో యంత్రంలో కొంచెం ఆర్‌ఎన్‌ఏ, దాన్ని పట్టుకుని కొన్ని ప్రొటీన్లు. ఈ యంత్రాలకు యూ1, యూ2, యూ4, యూ5 అని పేర్లు. కొన్ని ప్రొటీన్లు వీటన్నింటిలోనూ ఉంటాయి. వాటిని ఎస్‌ఎం ప్రొటీన్లంటారు. 1966లో ఈ యాంటీబాడీని మొదట కనిపెట్టినప్పుడు రోగి ఇంటిపేరు స్మిత్, ఆ పేరులోంచే ఎస్‌ఎం వచ్చింది. ఇంకో మూడు ప్రొటీన్లు ఒక్క యూ1లోనే ఉంటాయి. వాటి మీద వచ్చేదే ఆర్‌ఎన్‌పీ యాంటీబాడీ.

మైక్రోస్కోపు కింద ఈ రెండూ ఒకేలా కనబడతాయి. రెండింటికీ న్యూక్లియస్‌లో ముతక చుక్కలే, మధ్యలో న్యూక్లియోలస్ అనే చిన్న ముద్ద నల్లటి మచ్చలా మిగిలిపోతుంది. ఎంత అనుభవం ఉన్నా కంటితో విడదీయలేం. కానీ జబ్బు దృష్టిలో రెండూ వేర్వేరు. ఎస్‌ఎం యాంటీబాడీ లూపస్‌లో తప్ప దాదాపు ఇంకెక్కడా రాదు. లూపస్ ఉన్న అందరికీ కూడా ఉండదు, నూటికి పాతిక ముప్పై మందికే ఉంటుంది. ఉంటే మాత్రం గట్టి సాక్ష్యం. ఆర్‌ఎన్‌పీ లూపస్‌లోనూ వస్తుంది. ఎస్‌ఎం లేకుండా, పెద్ద టైటరులో, అంటే బాగా పలచన చేసినా వెలిగేంతగా, ఒంటరిగా వస్తే మిక్స్‌డ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్ వైపు చూపిస్తుంది. 1972లో ఈ జబ్బును విడిగా వర్ణించినప్పుడు దానికి ఆధారంగా నిలిచింది ఈ యాంటీబాడీయే.

ఈ రెండింటినీ విడదీసేదే మీకు రాసిన ప్రొఫైల్. సన్నటి ప్లాస్టిక్ స్ట్రిప్ మీద ఒక్కో ప్రొటీన్‌ను ఒక్కో గీతగా వేసి ఉంచుతారు. సీరంలో స్ట్రిప్‌ను నానబెడితే యాంటీబాడీ ఉన్న గీత ముదురు రంగుకు తిరుగుతుంది. చాలా స్ట్రిప్‌ల్లో ఒక గీత మీద ఎన్‌ఆర్‌ఎన్‌పీ/ఎస్‌ఎం అని, ఇంకో గీత మీద ఎస్‌ఎం అని విడిగా ఉంటుంది. మొదటి గీతలో రెండు రకాల ప్రొటీన్లూ కలిసి ఉంటాయి. కాబట్టి అది వెలిగినంత మాత్రాన ఎస్‌ఎం పాజిటివ్ అనుకోకూడదు. మొదటిది ముదురుగా వచ్చి రెండోది రాకపోతే అది ఆర్‌ఎన్‌పీ. రెండూ వస్తే ఎస్‌ఎం ఉన్నట్టు. రిపోర్టులు చదివేటప్పుడు ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే.

కొన్నేళ్ల క్రితం మా ల్యాబ్‌కు వచ్చిన ఒకామె సంగతి చెబుతాను, మీ చెల్లి వర్ణన చదవగానే ఆమే గుర్తుకొచ్చింది. బట్టల దుకాణంలో పని, వయసు 32. ఏసీ కింద నిలబడితే వేళ్లు ముందు తెల్లగా, తర్వాత నీలంగా, వేడి తగిలాక ఎర్రగా అయ్యేవి. దీన్నే రేనాడ్స్ అంటారు. వేళ్లు ఉబ్బి పెళ్లి ఉంగరం రాక, చివరికి కోయించి తీయించుకుంది. మెట్లెక్కుతుంటే తొడలు లాగేవి. బయట ఎక్కడో ఏఎన్‌ఏ స్పెకిల్డ్ అని వచ్చాక ఆమెకు లూపస్ అని ఎవరో చెప్పారు. ఆమె అప్పటికే పిల్లల బాధ్యత ఎవరికి అప్పగించాలో ఆలోచించుకుని వచ్చింది.

మేం మళ్లీ చేస్తే ముతక స్పెకిల్డ్, 1:2560. విభజన కణాల్లో పట్టీ నలుపు. స్ట్రిప్ టెస్టులో ఎన్‌ఆర్‌ఎన్‌పీ/ఎస్‌ఎం గీత ఎంత ముదురంటే పక్కనున్న కంట్రోల్ గీతను మించిపోయింది. ఎస్‌ఎం గీత అసలు రాలేదు. స్క్లిరోడర్మాకు చూసే ఎస్‌సీఎల్-70, సెంట్రోమియర్ గీతలు, షోగ్రెన్‌కు చూసే రో గీత ఖాళీ. లూపస్‌కు చూసే డీఎస్‌డీఎన్‌ఏ యాంటీబాడీ నెగెటివ్. లూపస్ చురుగ్గా ఉంటే తగ్గే సీ3, సీ4 కాంప్లిమెంట్ ప్రొటీన్లు మామూలు, మూత్రంలో ప్రొటీన్ లేదు. సీకే అనే కండరాల ఎంజైము మాత్రం మామూలు హద్దుకు మూడు రెట్లు పైన. వీటన్నిటినీ కలిపి చూసి రుమటాలజిస్టు మిక్స్‌డ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్ అన్నారు.

పేరు మారితే ఏం ఒరిగిందంటారా? చూడాల్సిన చోటు మారింది. ఆమెది ఎస్‌ఎం, డీఎస్‌డీఎన్‌ఏ ఉన్న లూపస్ అయి ఉంటే మొట్టమొదట భయపడాల్సింది కిడ్నీల గురించి, క్రమం తప్పకుండా మూత్రం మీద కన్నేయాలి. ఆర్‌ఎన్‌పీ జబ్బులో ఎక్కువగా ప్రాణం మీదికి వచ్చేది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరగడం. అందుకే ఆమెకు ఎకో, ఊపిరితిత్తుల సామర్థ్యం టెస్టు మొదట్లోనే చేసి, ఆ తర్వాత ప్రతి ఏడూ చేశారు. ఆయాసం వచ్చేదాకా ఆగి ఉంటే ఆలస్యమయ్యేది. ఒక్కమాట మాత్రం చెప్పాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో కొందరు కొన్నేళ్లకు లూపస్‌గానో, చర్మం గట్టిపడే స్క్లిరోడర్మాగానో తేలతారు. కాబట్టి పేరు పెట్టాక కూడా ఫాలోఅప్ వదలకూడదు.

ఇక సన్న చుక్కలు. ఇవి ఎక్కువగా రో, లా అనే యాంటీబాడీల వల్ల వస్తాయి, రిపోర్టులో ఎస్‌ఎస్‌ఏ, ఎస్‌ఎస్‌బీ అని రాస్తారు. కళ్లు ఇసుక పోసినట్టు మండటం, ముద్ద మింగాలంటే నీళ్లు తాగాల్సి రావడం ఉంటే ఇది షోగ్రెన్ వైపు. ఎండలో తిరిగితే ఒంటి మీద దద్దుర్లు వస్తుంటే లూపస్‌లోని ఒక రకం. కొత్త స్ట్రిప్‌ల్లో రో-60, రో-52 అని రెండు గీతలుంటాయి, రెండూ వేర్వేరు ప్రొటీన్లు. రో-52 ఒక్కటే వస్తే దాని అర్థం అంత సూటిగా ఉండదు. కండరాల వాపు జబ్బుల్లో, ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్లో కూడా వస్తుంది.

మీ చెల్లి వయసు 28 కాబట్టి రో గురించి ఇంకొకటి చెప్పి తీరాలి. ఈ యాంటీబాడీ తల్లి నుంచి మాయ దాటి కడుపులో బిడ్డకు చేరుతుంది. అది ఉన్న తల్లుల్లో నూటికి ఒకరిద్దరి బిడ్డలకు గుండె కొట్టుకునే విద్యుత్ దారి దెబ్బతింటుంది, ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్య. తల్లికి ఏ ఇబ్బందీ లేకపోయినా జరగొచ్చు. ముందే తెలిస్తే ఆ వారాల్లో బిడ్డ గుండెను స్కాన్‌లో గమనిస్తారు, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు ఇవ్వాలా వద్దా ఆలోచిస్తారు. నూటికి 98 మంది బిడ్డలకు ఈ గుండె సమస్య రాదు కాబట్టి దీన్ని చూసి పెళ్లో పిల్లలో వాయిదా వేసుకోవద్దు. తెలిసి ఉండాలి, అంతే.

సన్న చుక్కల్లోనే చూడటానికి కాస్త భిన్నంగా ఉండేది ఇంకొకటి ఉంది, డెన్స్ ఫైన్ స్పెకిల్డ్. న్యూక్లియస్‌లో చుక్కలు దట్టంగా, ఒక్కో చోట ఒక్కో సైజులో ఉంటాయి. విభజన కణంలో పట్టీ కూడా చుక్కలతోనే వెలుగుతుంది. మామూలు స్పెకిల్డ్‌లో పట్టీ నలుపు అన్నాను కదా, ఇక్కడ తేడా అదే. దీనికి కారణం డీఎఫ్‌ఎస్-70 అనే యాంటీబాడీ. ఇది ఆరోగ్యవంతుల్లోనే ఎక్కువగా కనబడుతుంది, టైటరు 1:640, 1:1280 దాకా కూడా పోతుంది. ఇది ఒక్కటే ఉండి, మిగతా గీతలన్నీ ఖాళీగా ఉండి, మనిషికి లక్షణాలు కూడా లేకపోతే కనెక్టివ్ టిష్యూ జబ్బు ఉండే అవకాశం బాగా తక్కువ. తొందర్లో చూసేవాళ్లు దీన్ని ఒకసారి హోమోజీనియస్ అని, ఒకసారి స్పెకిల్డ్ అని రాసేస్తారు. అలా రాసిన రిపోర్టు పట్టుకుని ఏళ్ల తరబడి లూపస్ భయంతో తిరిగిన వాళ్లను చూశాను. అందుకే స్ట్రిప్ మీద డీఎఫ్‌ఎస్-70 గీత కూడా ఉన్న ప్రొఫైల్ దొరికితే అదే చేయించండి.

వేళ్లు తెల్లబడటం అన్నారు కాబట్టి స్క్లిరోడర్మా యాంటీబాడీలు కూడా ప్రొఫైల్‌లో చూడాలి. వాటిలో సెంట్రోమియర్ ఒక్కటి స్లైడు మీదే తేలిపోతుంది. ఒక్కో న్యూక్లియస్‌లో విడివిడిగా పదుల సంఖ్యలో ఒకే సైజు చుక్కలు, విభజన కణంలో అవే చుక్కలు పట్టీ మీద వరుసగా పేర్చినట్టు ఉంటాయి. కళ్లాపి మీద పెట్టిన ముగ్గు చుక్కల్లా ఉంటుంది, ఒకసారి చూస్తే మరిచిపోలేరు. ఇది ఉంటే రిపోర్టులో స్పెకిల్డ్ అని కాకుండా సెంట్రోమియర్ అనే రాస్తారు. ఎస్‌సీఎల్-70 అంత సూటిగా కనబడదు, న్యూక్లియస్ సన్నని చుక్కలతో వెలుగుతూ న్యూక్లియోలస్ కూడా వెలుగుతుంది. ఇది ఉన్నవాళ్లలో చర్మం ఎక్కువ మేర గట్టిపడటం, ఊపిరితిత్తులు దెబ్బతినడం ఎక్కువ. స్ట్రిప్ టెస్టులో ఎస్‌సీఎల్-70 గీత లేతగా వస్తే మాత్రం వెంటనే నమ్మకండి. చర్మంలో మార్పేమీ లేకుండా, స్లైడు నమూనా కూడా కలవకుండా లేత గీత ఒక్కటే వస్తే అది చాలాసార్లు తప్పుడు పాజిటివ్. ఇంకో పద్ధతిలో చేసి సరిచూసుకోవాలి.

డీఎస్‌డీఎన్‌ఏకు కూడా ఇదే వర్తిస్తుంది. రంగు మార్పును యంత్రంతో కొలిచే ఎలైసా పద్ధతిలో అది హద్దుకు కాస్త పైన వచ్చి, స్లైడు మీద మాత్రం హోమోజీనియస్ వెలుగు లేకపోతే నాకు అనుమానం వస్తుంది. అప్పుడు క్రిథీడియా అనే ఏకకణ జీవితో చేసే టెస్టు అడుగుతాను. దానిలో ఒక చిన్న భాగంలో డీఎన్‌ఏ ముద్దగా ఉంటుంది, అది వెలిగితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఏఎన్‌ఏకు కనబడనివి కూడా ఉన్నాయి. ఇది నా తప్పు లోంచే నేర్చుకున్నాను. పనిలో చేరిన కొత్తలో ఒకాయన సీరంలో న్యూక్లియస్‌లు నల్లగా ఉన్నాయని ఏఎన్‌ఏ నెగెటివ్ అని సంతకం పెట్టాను. న్యూక్లియస్ బయట కణమంతా సన్నగా వెలుగుతోంది. అది కనబడింది కానీ రాయలేదు, అడిగింది న్యూక్లియస్ గురించే కదా అనుకున్నాను. నాలుగు నెలల తర్వాత ఆయన దగ్గుతో, ఆయాసంతో, కుర్చీలోంచి లేవలేని నడుముతో మళ్లీ వచ్చారు. కండరాల వాపు జబ్బుల్లో వచ్చే జో-1 యాంటీబాడీ గట్టిగా పాజిటివ్. అది అతుక్కునే ప్రొటీన్ న్యూక్లియస్‌లో కాదు, బయటి సైటోప్లాజంలో ఉంటుంది. ఆ నాలుగు నెలలు ఆయన ఊపిరితిత్తులకు నష్టం చేశాయి. అప్పటినుంచి న్యూక్లియస్ నెగెటివ్ అయినా సైటోప్లాజం వెలిగితే ఆ మాట విడిగా రాయకుండా రిపోర్టు వదలను. రో యాంటీబాడీ కూడా కొన్ని స్లైడ్ల మీద సరిగా వెలగదు. అందుకే లక్షణాలు గట్టిగా ఉంటే ఏఎన్‌ఏ నెగెటివ్ వచ్చినా రో, జో-1 అడిగే డాక్టర్లు సరిగ్గానే చేస్తున్నారు.

మీరిప్పుడు చేయాల్సింది చెబుతాను. ముందు ల్యాబ్‌కు ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి. టెస్టు స్లైడు మీద ఫ్లోరోసెన్స్‌తో చేశారా, ఎలైసానా? టైటరు, నమూనా రెండూ రాశారంటే స్లైడే అయి ఉంటుంది, అయినా అడగండి. రెండోది, చుక్కలు ముతకా, సన్నవా, విభజన కణంలో పట్టీ వెలిగిందా? బాధ్యతగా పనిచేసే ల్యాబ్ ఈ సమాధానం చెబుతుంది. ప్రొఫైల్‌తో పాటు మూత్రంలో ప్రొటీన్, బ్లడ్ కౌంట్, సీరం క్రియాటినిన్, సీకే రాశారేమో చూసి, లేకపోతే డాక్టరు గారిని అడగండి. వాటి ఖర్చు తక్కువ, యాంటీబాడీ చెప్పలేని సంగతి అవి చెబుతాయి, అంటే జబ్బు ఇప్పుడు ఏ అవయవం మీద పనిచేస్తోందో. మీ చెల్లి టీబీకి ఐసోనియాజిడ్ గానీ, బీపీకి హైడ్రలజైన్ గానీ వాడి ఉంటే తప్పకుండా చెప్పండి. ఆ మందుల వల్లే హిస్టోన్ యాంటీబాడీలు పుట్టి ఏఎన్‌ఏ పాజిటివ్ కావచ్చు. డాక్టరు గారితో మాట్లాడకుండా మందు మాత్రం ఆపకండి.

ఇంకా ఎవరైనా లూపస్ అని తేల్చేస్తే ఈ లెక్క గుర్తుంచుకోండి. 2019 నుంచి వాడుతున్న ప్రమాణాల్లో ఏఎన్‌ఏ 1:80 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండటం గుమ్మం దాటడం మాత్రమే, దానికి పాయింట్లేమీ లేవు. పది పాయింట్లు రావాలి. ఎస్‌ఎం గానీ డీఎస్‌డీఎన్‌ఏ గానీ ఉంటే ఆరు. మిగతావి కీళ్లు, చర్మం, కిడ్నీ, రక్తకణాల వంటి వాటి నుంచి రావాలి, అందులో కనీసం ఒకటి మనిషిలో కనబడే లక్షణం అయి ఉండాలి. వేళ్లు తెల్లబడటానికి ఆ పట్టికలో చోటే లేదు. ఇవి కూడా పరిశోధనల్లో ఒకే రకం రోగులను ఎంచుకోవడానికి రాసుకున్న ప్రమాణాలు, చివరి మాట రోగిని చూసిన రుమటాలజిస్టుదే.

ఒకసారి ప్రొఫైల్ వచ్చాక ఏఎన్‌ఏను మూడు నెలలకోసారి మళ్లీ చేయించకండి. 1:320 కాస్తా 1:640 అయినా, 1:160కి తగ్గినా జబ్బు పెరిగినట్టూ కాదు, తగ్గినట్టూ కాదు. ఒకే సీరాన్ని రెండు రోజులు చేసినా ఒక మెట్టు తేడా మామూలే. ప్రొఫైల్ వచ్చాక గీతల పేర్లు, ఏది ఎంత ముదురుగా ఉందో, ల్యాబ్ వాళ్లు చుక్కల గురించి చెప్పిన మాట ఇక్కడ రాయండి. పేరు, ఫోన్ నంబరు చెరిపేసి పెట్టండి, చూసి చెబుతాను.